వరుస ఉజ్జాయింపులు చేత్తో చేయడం: ఏ పదం దాకా నమ్మాలి, ఎక్కడ ఆపాలి

ఇంటర్ తెలుగు మీడియంలో చదివి చెన్నైలో ఇంజినీరింగ్‌లోనో బీఎస్సీలోనో చేరిన పిల్లలకు ఈ పాఠం ‘పికార్డ్స్ మెథడ్’ అన్న పేరుతో ఎదురవుతుంది. ఈ పద్ధతికి పేరిచ్చిన గణితవేత్త ఫ్రెంచివాడు కాబట్టి ఆ పేరును ‘పికార్’ అని పలకాలి, చివరి డ వినిపించదు. 1890లో ఎమీల్ పికార్ రాసిన పెద్ద వ్యాసంతో ఈ పద్ధతికి ఆయన పేరు స్థిరపడింది. అంతకు యాభై ఏళ్ల ముందే లియువీల్ ఇలాంటి లెక్క చేసి ఉన్నాడు. పేరు ఎవరిదైనా పని ఒకటే: సమీకరణంలోని అవకలజాన్ని వదిలించుకుని, దాన్ని సమాకలనంగా మార్చి, ఒక ముతక ఊహను అందులో పదేపదే వేసి నునుపు చేయడం.

సూత్రం రెండు నిమిషాల్లో కంఠతా వస్తుంది. చేత్తో చేసేటప్పుడు దెబ్బతినేది వేరే రెండు చోట్ల. వచ్చిన బహుపదిలో ఏ పదం నిజమో ఏది తాత్కాలికమో తెలియకపోవడం మొదటిది. ఆ బహుపదిని ఎంత దూరం దాకా వాడవచ్చో చూసుకోకపోవడం రెండోది. అందుకే ఇక్కడ ఒక్క లెక్కను తీసుకుని చివరిదాకా లాగుదాం.

```
y' = x + y²,   y(0) = 1
```

చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ y² ఉన్నందువల్ల ఇది సరళ సమీకరణం కాదు. చరాలను విడదీయడం కుదరదు, సమాకలన గుణకం పనిచేయదు. మామూలు ప్రమేయాలతో దీనికి జవాబు రాయలేం.

మొదటి పని: సమాకలన సమీకరణం

రెండు వైపులా 0 నుంచి x వరకు సమాకలనం చేయండి. ఎడమవైపు y(x) − y(0) వస్తుంది. y(0) విలువ 1 కాబట్టి దాన్ని కుడివైపుకు పంపితే:

```
y(x) = 1 + ∫₀ˣ [ t + y(t)² ] dt
```

లోపల x బదులు t రాయడం అలంకారం కాదు. పై హద్దు x అయినప్పుడు లోపలి చరం కూడా x అయితే, రెండో మెట్టుకు వచ్చేసరికి ఏ x ని సమాకలనం చేయాలో, ఏ x లో విలువ వేయాలో కలగాపులగం అవుతుంది. మొదటి మెట్టులో ఈ తప్పు బయటపడదు, కాబట్టి అలవాటు మొదట్నుంచీ ఉండాలి.

ఈ ఒక్క వాక్యంలో అసలు సమీకరణమూ ఉంది, ప్రారంభ విలువా ఉంది. x = 0 పెడితే సమాకలనం సున్నా అయి 1 మిగులుతుంది; అవకలనం చేస్తే పాత సమీకరణం తిరిగి వస్తుంది. ప్రారంభ బిందువు 0 కాక 2 అయితే కింది హద్దు 2 అవుతుంది. అప్పుడు x − 2 ను s అనుకుని మొత్తం s లో చేసుకోవడం మేలు, లేకపోతే ప్రతి మెట్టులోనూ (x − 2) ఘాతాలను విప్పుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు కుడివైపు y స్థానంలో మన దగ్గరున్న ఊహ వేస్తాం, ఎడమవైపు మెరుగైన ఊహ వస్తుంది:

```
yₙ(x) = 1 + ∫₀ˣ [ t + yₙ₋₁(t)² ] dt
```

ఇక్కడ ముందున్న 1 ఎప్పటికీ ప్రారంభ విలువే. అక్కడ yₙ₋₁ వేసి, పాత జవాబుకు కొత్త సమాకలనం కలుపుతూ పోవడం తరచుగా కనిపించే పొరపాటు. పట్టుకోవడం తేలిక. x = 0 దగ్గర వాలు, సమీకరణం ప్రకారం, 0 + 1² = 1 ఉండాలి. అంటే y₁ నుంచి మొదలుకొని ప్రతి ఉజ్జాయింపులోనూ x గుణకం 1 కావాలి. పొరపాటు చేసినవారికి రెండో మెట్టులో 2x వస్తుంది.

మొదటి రెండు మెట్లు

ఊహగా y₀ = 1 తీసుకుందాం. ప్రారంభ విలువనే స్థిరాంకంగా పెట్టడం ఆనవాయితీ, తప్పనిసరి కాదు. y₀ = 0 తో మొదలుపెట్టినా y₁ కి ప్రారంభ విలువ దానంతటదే వస్తుంది, కాకపోతే ఒక మెట్టు వెనకబడతాం.

```
y₁ = 1 + ∫₀ˣ (t + 1) dt = 1 + x + x²/2
```

రెండో మెట్టుకు దీని వర్గం కావాలి. (1 + t + t²/2)² విప్పితే 1 + 2t + 2t² + t³ + t⁴/4. దీనికి t కలిపి సమాకలనం చేస్తే:

```
y₂ = 1 + x + 3x²/2 + 2x³/3 + x⁴/4 + x⁵/20
```

x² గుణకం y₁ లో 1/2 ఉండేది, ఇప్పుడు 3/2 అయింది. అంటే y₁ లోని x² పదం తప్పు. మరి y₂ లో ఎన్ని పదాలు తప్పు? మూడో మెట్టు చూశాక దానికి వద్దాం.

మూడో మెట్టు, వర్గం చేసే తీరు

y₂ లో ఆరు పదాలున్నాయి. వర్గాన్ని అడ్డదిడ్డంగా విప్పితే ముప్పై ఆరు గుణకారాలు, అందులో ఒకటి తప్పిపోతే గమనించడం కష్టం. గుణకాలను మాత్రం వరుసలో రాసుకోండి:

```
1,  1,  3/2,  2/3,  1/4,  1/20
```

వీటికి 0 నుంచి 5 దాకా స్థాన సంఖ్యలు వేయండి. వర్గంలో t⁴ గుణకం కావాలంటే, స్థానాల మొత్తం 4 అయ్యే జతలు వెతకాలి. 0వ స్థానంతో 4వది జతకడితే 1 × 1/4. 1వ దానితో 3వది అయితే 1 × 2/3. ఈ రెండు జతలూ అటూ ఇటూ రెండుసార్లు వస్తాయి కాబట్టి రెట్టింపు చేయాలి. 2వ స్థానం తనతో తానే జత, అది ఒక్కసారే: 9/4. మొత్తం 1/2 + 4/3 + 9/4 = 49/12. మధ్యలో తనతో తాను జతకట్టే పదాన్ని కూడా రెట్టింపు చేయడం, లేదా అసలు మరిచిపోవడం, ఈ లెక్కలో తప్పులకు పుట్టినిల్లు.

ఇలా అన్నీ చేసి, t ని కూడా కలిపితే సమాకలనం చేయాల్సిన ప్రమేయం ఇది:

```
1 + 3t + 4t² + 13t³/3 + 49t⁴/12 + 13t⁵/5
  + 233t⁶/180 + 29t⁷/60 + 31t⁸/240 + t⁹/40 + t¹⁰/400
```

సమాకలనం చేసే ముందు ఒక తనిఖీ. ఎడాపెడా భిన్నాలున్నప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. y₂ లో x = 1 పెట్టండి: గుణకాల మొత్తం 67/15, అంటే 4.46667. దాని వర్గం 19.95111. t బదులు 1 కలిపితే 20.95111. ఇప్పుడు పై వరుసలోని పదకొండు గుణకాలు కూడండి. అదే 20.95111 రావాలి, వస్తుంది. రాకపోతే ఏదో జత తప్పింది. x = 1 దగ్గర అసలు జవాబు ఏమిటన్నది ఇక్కడ అవసరం లేదు, మనం సరిచూస్తున్నది బీజగణితాన్నే.

```
y₃ = 1 + x + 3x²/2 + 4x³/3 + 13x⁴/12 + 49x⁵/60 + 13x⁶/30
     + 233x⁷/1260 + 29x⁸/480 + 31x⁹/2160 + x¹⁰/400 + x¹¹/4400
```

ఏ పదం దాకా నిజం?

మూడు మెట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. x గుణకం y₁ లో కుదురుకుంది, తర్వాత మారలేదు. x² గుణకం y₂ లో 3/2 దగ్గర ఆగింది. x³ గుణకం 2/3 నుంచి 4/3 అయింది, ఇక కదలదు. x⁴ ఇంకా కదులుతుంది: y₄ చేస్తే 13/12 కాస్తా 17/12 అవుతుంది, అక్కడ స్థిరపడుతుంది. మెట్టుకు ఒక పదం చొప్పున ఖాయమవుతుంది.

కారణం సూటిగానే ఉంది. నిజమైన జవాబుకూ yₙ₋₁ కూ తేడా xⁿ పదంతో మొదలవుతుందనుకోండి. రెంటినీ వర్గం చేసి తీసివేస్తే, ఆ తేడాను వాటి మొత్తంతో గుణించినట్టు. మొత్తం 2 దగ్గర మొదలవుతుంది కాబట్టి వచ్చే తేడా కూడా tⁿ తోనే మొదలవుతుంది. సమాకలనం దాని ఘాతాన్ని ఒకటి పెంచుతుంది. కాబట్టి yₙ లో తేడా xⁿ⁺¹ దగ్గర మొదలు. xⁿ దాకా నమ్మండి, ఆ పైవి తాత్కాలికం.

అలాగని y₃ తోకలో ఉన్న ఎనిమిది పదాలు వట్టి చెత్త అనుకోకూడదు. 13/12 తప్పే అయినా 17/12 లో చాలా భాగాన్ని అది పట్టుకుంది. మరీ దూరపు పదాలు మాత్రం పేరుకే ఉంటాయి. అందువల్ల పని మీద ఆధారపడి రెండు దారులు. మీకు కావలసింది ఘాత శ్రేణి అయితే, n వ మెట్టులో xⁿ దాటిన పదాలన్నీ వచ్చినవి వచ్చినట్టే కొట్టేయండి, శ్రమ సగానికి పైగా తగ్గుతుంది. పరీక్షలో ‘మూడో ఉజ్జాయింపు కనుక్కోండి’ అని అడిగితే మాత్రం కొట్టేయకూడదు. అక్కడ y₃ అంటే పదకొండో ఘాతం దాకా ఉన్న ఆ పూర్తి బహుపదే. x⁴ దాకానే రాయమన్నప్పుడే కుదించాలి.

అంకెల్లో చూస్తే

x = 0.1 దగ్గర y₁ విలువ 1.10500, y₂ విలువ 1.11569, y₃ విలువ 1.11645. ఖాయమైన గుణకాలతో శ్రేణిని ఇంకా పొడిగించి లెక్కిస్తే అసలు విలువ 1.11649. తేడాలు వరుసగా 0.0115, 0.0008, 0.00004. మెట్టు మెట్టుకూ తప్పు దాదాపు పదిహేనో వంతుకు, ఆపై ఇరవయ్యో వంతుకు తగ్గుతోంది.

x = 0.2 దగ్గరికి పోతే కథ మారుతుంది. అక్కడ y₃ 1.27269, అసలు విలువ 1.27356. తప్పు దాదాపు 0.0009. దూరం రెట్టింపు చేస్తే తప్పు సుమారు ఇరవై రెట్లయింది. తేడా x⁴ తో మొదలవుతుంది కాబట్టి పదహారు రెట్లు ఎలాగూ ఖాయం, మిగతాది తర్వాతి పదాల వాటా. కొత్త లెక్క చేత్తో చేస్తున్నప్పుడు అసలు జవాబు చేతిలో ఉండదు కదా, అప్పుడు చివరి రెండు మెట్ల తేడా చూడండి. 0.1 దగ్గర y₂, y₃ ల మధ్య తేడా 0.00076. y₂ లోని తప్పు దాదాపు అంతే, y₃ లోది దానికన్నా బాగా తక్కువ. 0.2 దగ్గర ఆ తేడా 0.0069. మూడు దశాంశాలు కావాలంటే 0.2 దగ్గర మూడు మెట్లు ఒక్క పిసరులో చాలవు.

బహుపది మోసం చేసే చోటు

y₃ లో x = 1 పెట్టండి. 7.43 వస్తుంది. ఎక్కడా అడ్డు తగలదు, కాలిక్యులేటర్ కూడా ఏమీ అనదు. కానీ ఈ సమీకరణానికి x = 1 దగ్గర జవాబే లేదు. y = −u′/u అని మార్చితే సమీకరణం u″ = −xu అవుతుంది, ప్రారంభ విలువలు u(0) = 1, u′(0) = −1. u శ్రేణిని చేత్తోనే లెక్కించవచ్చు; x = 0.93 దాటీ దాటగానే అది సున్నా అవుతుంది. u హారంలో ఉంది కాబట్టి y అక్కడ అనంతానికి ఎగబాకుతుంది. మన ఉజ్జాయింపులన్నీ బహుపదులు, బహుపది ఎక్కడా తెగిపోదు. తెగిపోయిన దారి మీద కూడా అది నిమ్మళంగా గీత గీస్తూ పోతుంది.

కాబట్టి మొదటి మెట్టుకు ముందే ఎంత దూరం భరోసా ఉందో కొలుచుకోవాలి. (0, 1) చుట్టూ ఒక పెట్టె గీయండి. x అటూ ఇటూ a = 0.25, y అటూ ఇటూ b = 1. అంటే y 0 నుంచి 2 దాకా. ఈ పెట్టెలో x + y² అత్యధికంగా 0.25 + 4 = 4.25. దీన్ని M అందాం. వక్రం వాలు 4.25 దాటదు కాబట్టి, పెట్టె పైకప్పును తాకడానికి కనీసం 1/4.25, అంటే 0.235 దూరం పడుతుంది. a, b/M లలో చిన్నది 0.235. అంతదాకా అన్ని ఉజ్జాయింపులూ పెట్టెలోనే ఉంటాయి, ఒకే జవాబు దగ్గర చేరతాయి.

అసలు జవాబు 0.93 దాకా బతికే ఉంటే భరోసా 0.235 కే దొరకడం పిసినారితనంగా కనిపిస్తుంది. పెట్టెను పెద్దది చేస్తే? b ని 3 చేస్తే M 16.25 అవుతుంది, భరోసా 0.185 కి పడిపోతుంది. y² ఉన్నచోట పెట్టె ఎత్తు పెంచితే వాలు అంతకన్నా వేగంగా పెరుగుతుంది. b ని 1.1 దగ్గర ఉంచితే దాదాపు అత్యుత్తమం, లాభం మాత్రం గోరంత.

ఇంకా ముందుకు పోవాలంటే ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. 0.2 దగ్గర y ≈ 1.2736 అని తెచ్చుకుని, దాన్నే కొత్త ప్రారంభ విలువగా పెట్టి, s = x − 0.2 లో పైదంతా మరోసారి. y పెరిగేకొద్దీ ప్రతి అంగా పొట్టిదవుతుంది. అంగలు కుంచించుకుపోతుంటే ముందు గోడ ఉందని అర్థం.

తప్పుకు ముందస్తు హద్దు కూడా ఇదే పెట్టెలోంచి వస్తుంది. x + y² ని y దృష్ట్యా అవకలనం చేస్తే 2y, పెట్టెలో దాని గరిష్ఠం 4. దీన్నే లిప్షిట్జ్ స్థిరాంకం L అంటారు. yₙ లో తప్పు, M/L ని e^(Lx) శ్రేణి తోకతో గుణించినంత కన్నా మించదు. n = 3, x = 0.1 కి తోక అంటే e^0.4 లోంచి మొదటి నాలుగు పదాలు తీసేయగా మిగిలింది, 0.00116. దాన్ని 1.0625 తో గుణిస్తే 0.0012. నిజమైన తప్పు 0.00004 అని ఇందాక చూశాం, హద్దు దాదాపు ముప్పై రెట్లు ఎక్కువే చెప్పింది. అది అధ్వాన్నమైన పరిస్థితికి వేసిన లెక్క కాబట్టి ఆ మాత్రం ఉంటుంది. దాన్ని తప్పు విలువగా కాక, తప్పు దాటని గీతగానే చూడండి.

L దొరకని సమీకరణాలూ ఉన్నాయి. y′ = 2√|y|, y(0) = 0 తీసుకుని x ≥ 0 వైపు చూడండి. y₀ = 0 తో మొదలుపెడితే ప్రతి మెట్టులోనూ సున్నాయే, లెక్క ముగిసిందనిపిస్తుంది. y₀ = 1 తో మొదలుపెడితే y₁ = 2x, తర్వాత x ఘాతం 1.5, 1.75 అలా ఎక్కుతూ చివరికి x² దగ్గర చేరుతుంది. రెండూ నిజమైన జవాబులే. y = 0 దగ్గర √y వాలు హద్దు లేకుండా పెరగడమే దీనికి కారణం. ఊహ మారిస్తే జవాబు మారుతోందంటే ముందుగా అనుమానించాల్సింది L నే.

సమాకలనం కుదరనప్పుడు

y′ = cos y, y(0) = 0 చేసి చూడండి. y₀ = 0, y₁ = x, y₂ = sin x. మూడో మెట్టులో cos(sin t) సమాకలనం చేయాలి, అది మామూలు ప్రమేయాల్లో రాదు. y లో బహుపది కాని సమీకరణాల్లో చాలావాటికి రెండు మూడు మెట్లలో ఇదే గతి. అప్పుడు సూత్రం వదిలి అంకెలకు దిగాలి. x = 0.4 దగ్గర y₃ కావాలంటే 0, 0.2, 0.4 ల దగ్గర cos(sin t) విలువలు తీసుకోండి: 1, 0.98033, 0.92513. సింప్సన్ సూత్రంతో

```
y₃(0.4) ≈ (0.2/3) × [ 1 + 4(0.98033) + 0.92513 ] = 0.38976
```

y₂ ఇచ్చేది sin 0.4 = 0.38942. అసలు జవాబు 0.38974. రెండు పట్టీలతోనే ఇంత దగ్గరికి వచ్చాం. ఇక్కడి నుంచి మెట్టు పెంచడం కన్నా ముందు పట్టీలు పెంచాలి, ఎందుకంటే మిగిలిన తేడాలో పెద్ద వాటా ఇప్పుడు సింప్సన్‌దే.

ఈ లెక్కలో జవాబు సరిగ్గా 0.4 వస్తే కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందని అర్థం. 0.4 డిగ్రీల సైన్ 0.007, దాని కొసైన్ 1 కి అంటుకుని ఉంటుంది. మూడు విలువలూ 1 అయిపోయి సమాకలనం x తోనే తేలుతుంది. జవాబు చూడముచ్చటగా y₁ తో సరిపోతుంది కాబట్టి ‘అప్పుడే స్థిరపడింది’ అనిపించి దొరకకుండా పోతుంది. తెర మీద D కాక R కనిపిస్తోందో లేదో మొదటి విలువ నొక్కే ముందే చూసుకోండి.